అణుభారం ఒక్కటే చూస్తే దారి తప్పుతాం: సువాసన అణువుల తూకం డైరీ

నమోదు 1: ఏ ప్రశ్న, ఏ పదార్థాలు

తేలికైన అణువు త్వరగా ఎగిరిపోతుందని, బరువైనది నిలుస్తుందని సెంట్ల గురించి రాసే ప్రతిచోటా కనిపిస్తుంది. ఇది మొత్తం మీద నిజమే. నారింజ తొక్క వాసన పది నిమిషాల్లో పలచబడుతుంది, గంధం వాసన సాయంత్రం దాకా ఉంటుంది. కానీ ఒక అణువు గాల్లోకి ఎంత వేగంగా పోతుందో నేరుగా నిర్ణయించేది దాని బాష్పపీడనం, అంటే మూసిన పాత్రలో దాని ఆవిరి చూపించే ఒత్తిడి. అణుభారం దానికి ఒక ఆనవాలు మాత్రమే, అదీ చాలాసార్లు తప్పుదారి పట్టించే ఆనవాలు. ఎక్కడ తప్పుతుందో, ఎంత తప్పుతుందో మిల్లీగ్రాముల్లో చూడటమే ఈ ప్రాజెక్టు పని.

అందుకే పదార్థాలను అణుభారం వరసలో కాకుండా జతలుగా ఎంచుకున్నాం. మొదటి జత లిమోనీన్ (అణుభారం 136), ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ (122). మొదటిది నారింజ, నిమ్మ తొక్కల నూనె, రెండోది గులాబీ వాసన. ఇక్కడ తేలికైనదే నిదానంగా పోవాలి. రెండో జత కర్పూరం, వెనిలిన్. రెండింటి అణుభారం 152. బరువు ఒక్కటే లెక్కయితే ఈ రెండూ ఒకే వేగంతో పోవాలి. కర్పూరం బిళ్లను మూత లేకుండా వదిలేస్తే ఏమవుతుందో తెలుగు ఇళ్లలో చెప్పక్కర్లేదు. వెనిలిన్ పొడి మాత్రం సీసా తెరిచి ఉంచినా నెలల తరబడి అలాగే ఉంటుంది. వీటికి తోడు లినాలూల్ (154), బరువైన ద్రవంగా బెంజైల్ బెంజోయేట్ (212), సెంట్ల పనిలో పలచబరచడానికి వాడే డైప్రొపిలీన్ గ్లైకాల్ (134). ఈ చివరిదాన్ని అందరూ డీపీజీ అంటారు, మేమూ అలాగే రాస్తాం.

కర్పూరం విషయంలో ఒక మాట. ఆవిరయ్యాక అడుగున తెల్లపొడి గానీ మైనం లాంటి పొర గానీ మిగిలే బిళ్లలు ఈ పనికి పనికిరావు. అవి స్వచ్ఛమైనవి కావు. ముందే రెండు బిళ్లలను గిన్నెలో వదిలేసి ఏమీ మిగలడం లేదని చూసుకోవాలి.

నమోదు 2: కాగితం పట్టీలను పక్కన పెట్టడం

సెంట్లు పరీక్షించేవాళ్లు వాసన చూడటానికి మందపాటి కాగితం పట్టీలు వాడతారు. ముక్కుకు అవి బాగానే పనికొస్తాయి, తూకానికి మాత్రం కాదు. 0.3 గ్రాముల పట్టీ గాల్లో తేమ 50 శాతం నుంచి 75 శాతానికి పెరిగితే దాదాపు 9 మిల్లీగ్రాముల నీటిని పీల్చుకుంటుంది. పట్టీ మీద వేసిన సెంటు నూనె మహా అయితే 20 మిల్లీగ్రాములు. అంటే వాన మబ్బు పట్టిన రోజున నూనె ఆవిరవుతున్నా పట్టీ బరువు పెరిగినట్టు కాటా చూపిస్తుంది. ఏమీ వేయని పట్టీని పక్కనే ఉంచి తేడా తీసేయవచ్చు గానీ, కొలవాల్సినదానికీ తీసేయాల్సినదానికీ పెద్ద తేడా లేనప్పుడు ఆ లెక్కను నమ్మలేం.

కాబట్టి 4 సెంటీమీటర్ల వ్యాసం, 1 సెంటీమీటరు లోతు ఉన్న చదును అడుగు గాజు గిన్నెలు తీసుకున్నాం. ప్లాస్టిక్ వద్దు. లిమోనీన్ థర్మోకోల్‌నూ, పారదర్శకంగా ఉండే పాలిస్టైరీన్ కప్పులనూ కరిగిస్తుంది, కప్పు అడుగు జిగురుగా మారుతుంది. గిన్నెలన్నీ ఒకే కొలత కావాలి. వేగం గిన్నె వైశాల్యం మీదా, అంచు ఎత్తు మీదా ఆధారపడుతుంది, కొలతలు వేరైతే పదార్థాలను పోల్చలేం.

కాటా మిల్లీగ్రాము చూపించేది ఉండాలి. నగలు తూచే చిన్న డిజిటల్ కాటాల్లో ఇవి దొరుకుతాయి, కానీ గిన్నెతో కలిపిన బరువు వాటి గరిష్ఠ పరిమితిని దాటకుండా చూసుకోవాలి. ఆన్ చేశాక అరగంట అలా వదిలేసి, ప్రతి తూకానికి ముందూ వెనకా ఒకే ప్రమాణ బరువు పెట్టి చూడాలి. ఆ బరువు 2 మిల్లీగ్రాముల కన్నా ఎక్కువ జరిగితే ఆ విడత రీడింగులు కొట్టేయడమే. ఫ్యాన్ కింద తూచడం శుద్ధ దండగ, కాటా మీద గాజు మూత బోర్లించాలి.

నమోదు 3: ముందు లెక్క, తర్వాత తూకం

నిశ్చలమైన గాల్లో ద్రవం ఉపరితలానికి ఆనుకుని ఉన్న గాలి ఆ ఆవిరితో నిండిపోయి ఉంటుంది. అక్కడి నుంచి గిన్నె అంచు దాకా ఆవిరి వ్యాపనం ద్వారా పాకాలి. అంచు దాటితే గదిలో కలిసిపోయినట్టే. కాబట్టి సెకనుకు పోయే బరువు ఇలా వస్తుంది:

```
rate = (P × M × D × A) / (R × T × d)
```

P బాష్పపీడనం, M మోల్ బరువు, D గాల్లో వ్యాపన గుణకం, A గిన్నె వైశాల్యం, R వాయు స్థిరాంకం, T కెల్విన్‌లో ఉష్ణోగ్రత, d ఉపరితలం నుంచి అంచు దాకా దూరం. లిమోనీన్‌కు 25 డిగ్రీల దగ్గర P సుమారు 200 పాస్కల్, M 0.136 కిలోలు, D సుమారు 0.000006 చదరపు మీటర్లు సెకనుకు. మా గిన్నెకు A 0.00126 చదరపు మీటర్లు, d 0.01 మీటరు. గుణించి భాగిస్తే సెకనుకు 8 మైక్రోగ్రాముల పైచిలుకు, అంటే గంటకు 30 మిల్లీగ్రాములు.

ఈ సూత్రంలో అణుభారం ఎక్కడుందో గమనించండి. అది పైన, లవంలో ఉంది. రెండు పదార్థాల బాష్పపీడనం ఒకటే అయితే, బరువైన అణువు ఉన్నదే గ్రాముల్లో ఎక్కువగా పోతుంది. బరువైన అణువు గాల్లో నిదానంగా పాకుతుంది కాబట్టి D కొంత తగ్గుతుంది, అయినా M పెరుగుదల అంతటినీ అది తినేయలేదు. బరువు వల్ల అణువు ‘ఎగరలేక’ ఉండిపోతుందన్న ఊహకు ఇక్కడ చోటే లేదు. బరువు పనిచేసేది అంతా P లోపల, పరోక్షంగా. పెద్ద అణువులో ఎలక్ట్రాన్లు ఎక్కువ, పక్క అణువును తాకే ఉపరితలం ఎక్కువ, దాంతో ఒకదాన్నొకటి పట్టుకునే బలం ఎక్కువ. ఆ పట్టు విడిపించుకోవడానికి కావలసిన శక్తి పెరిగే కొద్దీ P పడిపోతుంది.

నమోదు 4: మొదటి జత

ప్రతి గిన్నెలో 1 గ్రాము ద్రవం, అడుగంతా సమంగా పరుచుకునేలా. దాదాపు ఒక మిల్లీమీటరు మందం వస్తుంది. గది 25 డిగ్రీలు, ఏసీ గాలి నేరుగా తగలని అలమరలో, తలుపు కొంచెం తెరిచి.

లిమోనీన్ గంటకు 24 మిల్లీగ్రాముల చొప్పున తగ్గింది. లెక్కలో 30 వచ్చింది కదా, తేడా ఎందుకంటే అంచు దాటగానే ఆవిరి మాయమైపోదు. గిన్నె పైన కూడా కాస్త మందాన ఆవిరి నిలిచే గాలి ఉంటుంది, d నిజానికి 1 సెంటీమీటరు కన్నా ఎక్కువ. ఈ తేడా అన్ని గిన్నెలకూ ఒకటే కాబట్టి లిమోనీన్‌ను కొలబద్దగా పెట్టుకుని మిగతావాటిని దానితో పోల్చాం.

లినాలూల్ గంటకు 3 మిల్లీగ్రాములు. ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ గంటకు ఒకటింబావు, అంటే రోజంతా కలిపి 30 మిల్లీగ్రాములు. లిమోనీన్ కన్నా తేలికైన ఈ అణువు దానికన్నా సుమారు 20 రెట్లు నిదానంగా పోయింది. పుస్తకాల్లోని బాష్పపీడనాలు (లినాలూల్ సుమారు 21 పాస్కల్, ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ సుమారు 11) కూడా అదే చెబుతున్నాయి.

కారణం ఒక్క ఆక్సిజన్, దానికి తగులుకున్న ఒక్క హైడ్రోజన్. లిమోనీన్‌లో ఉన్నది కార్బన్, హైడ్రోజన్ మాత్రమే. ఆ అణువుల మధ్య వాండర్‌వాల్స్ బలాలు తప్ప వేరే పట్టు లేదు. ఆల్కహాల్‌లోని OH గుంపు పక్క అణువులోని ఆక్సిజన్‌తో హైడ్రోజన్ బంధం వేసుకుంటుంది. అణువు బయటపడాలంటే ముందు ఆ బంధం తెంచుకోవాలి. లినాలూల్‌లోనూ OH ఉంది, కానీ అది చుట్టూ మూడు కార్బన్ కొమ్మలున్న కార్బన్ మీద ఉంది. పక్క అణువు దగ్గరికి రావడానికి ఆ కొమ్మలు అడ్డం పడతాయి, బంధం బలహీనంగా ఉంటుంది. ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్‌లో OH గొలుసు చివర్న, అడ్డం లేకుండా ఉంది. అందుకే 122 బరువున్నది 154 బరువున్నదాని కన్నా ఎక్కువసేపు నిలిచింది.

లిమోనీన్ గిన్నెలో చివరి కొన్ని మిల్లీగ్రాములు ఎంతకీ పోవు. అది కొలత లోపం కాదు. గాల్లోని ఆక్సిజన్‌తో లిమోనీన్ కలిసి బరువైన, OH ఉన్న పదార్థాలుగా మారుతుంది, అవి జిగట పొరగా మిగులుతాయి. పాత సీసాలోని నూనె అయితే ఈ మడ్డి మరీ ఎక్కువ. వేగం లెక్కకు మొదటి సగం మాత్రమే తీసుకోవాలి.

నమోదు 5: బరువు పెరిగిన గిన్నె

బెంజైల్ బెంజోయేట్ బాష్పపీడనం 0.03 పాస్కల్. మా గిన్నెలో అది రోజుకు 0.2 మిల్లీగ్రాముల కన్నా తక్కువే పోవాలి, కాటాకు అది కనిపించదు. బరువు కదలదనుకున్న ఆ గిన్నె రోజురోజుకూ పెరుగుతూ వచ్చింది.

తేమ అనుకోవడానికి లేదు, బెంజైల్ బెంజోయేట్ నీటిని పెద్దగా తీసుకోదు. గిన్నెను వాసన చూస్తే తెలిసిపోయింది: నారింజ, కర్పూరం. ఒకే అలమరలో ఉంచడం వల్ల లిమోనీన్ ఆవిరి, కర్పూరం ఆవిరి వచ్చి ఇందులో కరుగుతున్నాయి. ద్రవంలో లిమోనీన్ లేదు, పైన గాల్లో ఉంది. రెండువైపులా సమతూకం వచ్చేదాకా అది లోపలికి దిగుతూనే ఉంటుంది. బీరువాలో పట్టుబట్టలకు కర్పూరం వాసన పట్టేదీ ఇలాగే. అప్పటినుంచి ఒక్కో పదార్థానికి ఒక్కో అలమర అర. కర్పూరం మాత్రం వేరే గదిలో.

డీపీజీ గిన్నె కూడా పెరిగింది, అది వేరే సంగతి. రెండు OH గుంపులున్న ద్రవం కనుక అది గాల్లోని తేమనే తాగుతుంది. దాన్ని తూచాలంటే పక్కనే ఆరబెట్టిన సిలికా జెల్ పెట్టిన మూసిన డబ్బా కావాలి. కానీ మూసిన డబ్బాలో ఆవిరి బయటికి పోదు. ఈ చిక్కు తీరక డీపీజీ వేగం కొలవడం మానేశాం.

నమోదు 6: కర్పూరం, వెనిలిన్

రెండూ ఘనపదార్థాలే. మెత్తగా నూరి గిన్నె అడుగంతా పరవాలి, లేకపోతే ఉపరితలం పోల్చదగ్గట్టు ఉండదు. కర్పూరం గంటకు ఐదారు మిల్లీగ్రాములు తగ్గింది. మధ్యలో ద్రవంగా మారకుండా ఘనం నేరుగా ఆవిరవుతుంది, అంటే ఉత్పతనం. దాని బాష్పపీడనం 25 డిగ్రీల దగ్గర పదుల పాస్కల్‌లలో ఉంటుంది. వెనిలిన్‌ది 0.02 పాస్కల్ దరిదాపు. అణుభారం ఒకటే అయినా వెయ్యి రెట్లకు పైగా తేడా.

కర్పూరం అణువు మూడువైపులా మూసుకున్న చిన్న పంజరం, దాదాపు గుండ్రంగా ఉంటుంది. గుండ్రటి అణువులు ఒకదాన్నొకటి తాకేది కొద్దిచోటే. అందులో ఒక C=O ఉంది గానీ, హైడ్రోజన్ బంధం వేయడానికి కావలసిన OH లేదు. వెనిలిన్ అణువు బల్లపరుపు వలయం. ఒకవైపు OH, ఎదురుగా ఆల్డిహైడ్ గుంపు, పక్కన మిథాక్సీ గుంపు. ఒక అణువు OH ఇంకో అణువు ఆల్డిహైడ్‌ను పట్టుకుంటుంది, చదునైన వలయాలు అప్పడాల దొంతరలా ఒకదానిమీద ఒకటి సర్దుకుంటాయి. అలా కుదురుకున్న స్ఫటికం నుంచి ఒక అణువును ఊడబెరకడానికి కావలసిన శక్తి కర్పూరానికి కావలసినదానికి దాదాపు రెట్టింపు.

వెనిలిన్ తూకం గురించి నిజం చెప్పాలంటే, ఈ కాటాతో అది కొలవలేం. లెక్క ప్రకారం మా గిన్నెలో నెలకు 2 మిల్లీగ్రాములు పోవాలి. కాటా జరిగేదే అంత. 0.1 మిల్లీగ్రాము కాటా ఉన్నా నెలరోజుల దుమ్ము, తేమ లెక్కలోకి వస్తాయి. కాబట్టి వెనిలిన్‌కు ‘కాటాకు అందనంత నిదానం’ అన్న ఒక్క ఫలితమే రాసుకున్నాం.

అంత తక్కువగా ఆవిరయ్యేది మరి ముక్కుకు ఎలా అందుతుంది? 0.02 పాస్కల్ అంటే మూసిన సీసాలో గాలి పూర్తిగా నిండినా కోటి భాగాల గాలికి రెండు భాగాల వెనిలిన్. మన ముక్కు దాన్ని అంతకన్నా ఎంతో తక్కువ మోతాదులోనే గుర్తుపడుతుంది. వాసన నిలవడమనేదానికి ఇలా రెండు షరతులు: నిదానంగా పోవాలి, పోయిన ఆ కొంచెమూ ముక్కుకు చాలాలి. రెండోది లేకపోతే అది వాసన లేని బరువు ద్రవం అంతే. బెంజైల్ బెంజోయేట్ దాదాపు ఆ కోవదే. అణుభారం 300 దాటాక మొదటి షరతు ఎంత బాగా తీరినా గాల్లోకి వచ్చేదే ఉండదు, అందుకే వాసన ఉన్న అణువులు ఆ హద్దు దాటి కనిపించడం అరుదు.

నమోదు 7: కలిపితే ఏమవుతుంది

ఒక గ్రాము లిమోనీన్, ఒక గ్రాము బెంజైల్ బెంజోయేట్ కలిపిన గిన్నె. రౌల్ట్ నియమం ప్రకారం లిమోనీన్ పీడనం దాని మోల్ భాగాన్ని బట్టి, అంటే ద్రవంలోని మొత్తం అణువుల్లో దాని వాటాను బట్టి తగ్గుతుంది. ఒక గ్రాము లిమోనీన్ 0.00734 మోల్, ఒక గ్రాము బెంజైల్ బెంజోయేట్ 0.00471 మోల్. కాబట్టి లిమోనీన్ మోల్ భాగం 0.61, పీడనం 200 నుంచి 122 పాస్కల్‌కు దిగుతుంది. మొదట్లో తగ్గుదల పెద్దగా ఏమీ అనిపించదు. లిమోనీన్ 0.1 గ్రాముకు పడిపోయాక చూస్తే మోల్ భాగం 0.135, పీడనం 27 పాస్కల్. పోయే కొద్దీ పోవడం కష్టమవుతుంది.

దీన్ని మొత్తం కాలానికి కూడితే ఇలా వస్తుంది: సగం లిమోనీన్ పోవడానికి విడిగా ఉన్నప్పటి కన్నా 1.9 రెట్లు సమయం, తొమ్మిది వంతులు పోయి పదో వంతు మిగలడానికి 2.6 రెట్లు, నూరో వంతు మిగలడానికి 4 రెట్లు. తూకం గీత కూడా ఇదే వంపు తిరిగింది. విడి లిమోనీన్ గీత సూటిగా దిగింది, కలిపినదాని గీత తోక సాగింది. వాసన నిలపడానికి సెంట్ల వాళ్లు కలిపే, ఫిక్సేటివ్ అని పిలిచే పదార్థం చేసే పనిలో పెద్ద భాగం ఇదే. అది తేలిక అణువును బంధించదు, దాని వాటాను పలచబరుస్తుంది.

ఇక్కడ అణుభారం మళ్లీ వస్తుంది, ఈసారి తలకిందులుగా. గ్రాముకు మోల్‌లు ఎక్కువ ఇచ్చేది తేలికైన పదార్థం. కాబట్టి ఒక గ్రాము డీపీజీ (134) కలిపితే లిమోనీన్ మోల్ భాగం 0.50కు దిగాలి, బెంజైల్ బెంజోయేట్ కన్నా బాగా నిలపాలి. గిన్నెలో జరిగింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. మిశ్రమం మబ్బుగా మారింది, లిమోనీన్ దాదాపు విడిగా ఉన్నంత వేగంతో పోయింది. డీపీజీ అణువులు హైడ్రోజన్ బంధాలతో తమలో తాము అల్లుకుని ఉంటాయి, నూనె లాంటి లిమోనీన్‌కు అక్కడ చోటు దొరకదు, బయటికి నెట్టేస్తాయి. రౌల్ట్ నియమం ఒకదానికొకటి పోలిన ద్రవాలకే సరిగ్గా కుదురుతుంది. పోలిక లేనిచోట ఒక గుణకం పెట్టి గుణించాలి, ఇక్కడ ఆ గుణకం ఒకటి కన్నా చాలా పెద్దది. నిమ్మ, నారింజ నూనెలను నిలపడానికి డీపీజీ వాడి ‘ఎంత పోసినా నిలవట్లేదు’ అనుకునేవాళ్లకు కారణం ఇదే. మబ్బు కనిపించిందంటే నిలపడం లేదని గుర్తు. అదే డీపీజీలో ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ వేస్తే తేటగా కలుస్తుంది, చక్కగా నిలుస్తుంది. OH ఉన్నదానికి OH ఉన్నది తోడు.

నమోదు 8: ఎండాకాలం లెక్క

25 డిగ్రీల దగ్గర వచ్చిన నిష్పత్తులు 40 డిగ్రీల దగ్గర నిలవవు. ఆవిరి కావడానికి ఎక్కువ శక్తి కావలసిన పదార్థమే వేడికి ఎక్కువగా స్పందిస్తుంది. వేడితో పీడనం ఎంత పెరుగుతుందో చెప్పే క్లాసియస్ క్లాపెరాన్ సమీకరణంలో లిమోనీన్‌కు ఆవిరయ్యే శక్తిగా మోల్‌కు 49 కిలోజౌళ్లు పెడితే 25 నుంచి 40కి పీడనం 2.6 రెట్లు పెరుగుతుంది. ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్‌కు 67 పెడితే 3.6 రెట్లు. వెనిలిన్‌కు 95 ప్రాంతంలో పెడితే 6 రెట్లు దాటుతుంది.

అంటే ఏసీ గదిలో తయారుచేసి సరిచూసుకున్న మిశ్రమం మే నెలలో విజయవాడ వీధిలో వేరేగా వాసన వేస్తుంది. తేలికవి త్వరగా పోవడమే కాదు, అడుగున ఉండాల్సిన బరువైన వాసనలు అంతకన్నా ఎక్కువ పాళ్లలో పైకి వస్తాయి. వేసవికి చేసే మిశ్రమంలో వెనిలిన్ లాంటివాటిని చలికాలం పాళ్లలోనే వేస్తే తీపి వాసన ముందునుంచే ముఖాన కొడుతుంది. చర్మం మీద కూడా ఇదే సూత్రం, గాలి 25 ఉన్నా చర్మం 32 ప్రాంతంలో ఉంటుంది. కాబట్టి కాగితం పట్టీ మీద కుదిరిన వరస మణికట్టు మీద అంతే వ్యవధిలో రాదు.

ఈ తూకాన్ని 40 డిగ్రీల పెట్టెలో పెట్టి సరిచూడాలనుకునేవాళ్లు లిమోనీన్‌ను అందులో పెట్టకండి. దాని ఫ్లాష్ పాయింట్, అంటే పైనున్న ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే కనీస ఉష్ణోగ్రత, సుమారు 48 డిగ్రీలు. బల్బుతో వేడిచేసే పెట్టెలో ఎక్కడో ఒకచోట ఉష్ణోగ్రత దాన్ని దాటుతుంది. ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ ఫ్లాష్ పాయింట్ 100 డిగ్రీల దగ్గర ఉంటుంది. గంటకు ఒకటింబావు ఉన్నది నాలుగున్నర మిల్లీగ్రాములకు చేరాలి, దాన్నైతే మిల్లీగ్రాము కాటా హాయిగా పట్టుకుంటుంది.